డిఫెక్ట్ లాగ్, పరేటో చార్ట్: సోల్డరింగ్ లైన్‌లో చాలాకాలం వాడాక

మాది ఎల్‌ఈడీ లైట్లకు డ్రైవర్ బోర్డులు చేసే లైన్. ఆపరేటర్లు భాగాలను చేత్తో బోర్డులో గుచ్చుతారు. బోర్డు వేవ్ సోల్డరింగ్ మెషీన్ మీదుగా వెళ్తుంది, అక్కడ కరిగిన సోల్డర్ అల కిందివైపు తగిలి పిన్నులను అతికిస్తుంది. బయటకు వచ్చాక టచప్ బెంచీ దగ్గర కిందివైపు చూసి, బాగోలేనివి సరిచేసి టెస్టింగ్‌కి పంపుతారు. ఆ టచప్ బెంచీలోనే మా రీవర్క్ అంతా దాక్కుని ఉండేది. అక్కడ ఎంతమంది కూర్చున్నారో తెలుసు గానీ, వాళ్లు దేన్ని సరిచేస్తున్నారో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పేవారు. డిఫెక్ట్ లాగ్, దాని మీద పరేటో చార్ట్ పెట్టుకున్నది అందుకే. పరేటో అంటే ఒక్కో డిఫెక్ట్‌కు ఒక్కో నిలువు గీత, ఎక్కువ నుంచి తక్కువకు వరసగా పెట్టిన చార్ట్. ఇందులో బాగా పనికొచ్చినవేవో, ఎక్కడ నమ్మకూడదో రాస్తున్నాను.

లాగ్‌లో మేం రాసేవి కొన్నే: తేదీ, గంట, మోడల్, డిఫెక్ట్ పేరు, బోర్డు మీద ఏ చోటు, ఏ పిన్ను, సరిచేయడానికి పట్టిన నిమిషాలు. ఇందులో ఒక్కటే ఉంచుకోమంటే నేను చోటునే ఉంచుకుంటాను. రెండు పిన్నులు సోల్డర్‌తో కలిసిపోతే ఉత్త "షార్ట్" అని రాస్తే ఏమీ తెలియదు. "షార్ట్, J3, 9-10 పిన్నులు" అని రాస్తే సగం పని అయినట్టే. డిఫెక్ట్ పేర్లు కూడా ముందే తేల్చుకోవాలి. ఒకరు డ్రై సోల్డర్ అన్నదాన్ని పక్కవాళ్లు సోల్డర్ తక్కువ అని రాస్తే ఒకే సమస్య రెండు చిన్న గీతలై చార్ట్ చివరికి పోతుంది. మేం ఒక్కో డిఫెక్ట్ ఉన్న అసలు బోర్డునే బెంచీ పైన వేలాడదీశాం. చూసి పోల్చుకోవడానికి ఫొటో కంటే అదే తేలిక.

కాగితం మీది టిక్కులను సాయంత్రం స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కిస్తాం. డిఫెక్ట్ పేరు D కాలమ్‌లో, నిమిషాలు G కాలమ్‌లో ఉంటే ఇంతే సరిపోతుంది:

```
B2: =COUNTIFS(Log!$D:$D,A2)
C2: =SUM(B$2:B2)/SUM(B$2:B$7)
D2: =SUMIFS(Log!$G:$G,Log!$D:$D,A2)
```

ఫార్ములాలను కిందికి లాగి, B కాలమ్‌లో ఎక్కువ నుంచి తక్కువకు వచ్చేలా వరసలు సర్దుకోవాలి. 'ఇతరాలు' ఎంత ఉన్నా చివరనే ఉంచాలి. అది పెద్దగా కనబడుతోందంటే పేర్ల జాబితాలో ఏదో లోటుందని.

ఒక వారం లెక్క చెబుతాను, అంకెలు గుండ్రంగా మార్చాను. మొత్తం 400 డిఫెక్టులు. షార్టులు 180, డ్రై సోల్డర్ 90, భాగం లేకపోవడం 40, భాగం పైకి లేవడం 36, కెపాసిటర్ తిరగబడి పడటం 24, ఇతరాలు 30. షార్టులే 45 శాతం, మొదటి మూడూ కలిపితే 77.5 శాతం. 80 శాతం సమస్యలు 20 శాతం కారణాల వల్లే అని అందరూ చెప్పుకునే 80-20 నిష్పత్తి సరిగ్గా రావాలని ఏమీ లేదు. ఒకటి రెండు గీతలు మిగతావాటి కంటే బాగా ఎత్తుగా ఉంటే చాలు.

షార్టులు ఎక్కువని తెలియగానే సోల్డర్ టెంపరేచర్ పెంచుదాం, ఫ్లక్స్ పెంచుదాం అన్న మాటలు మొదలయ్యాయి. నేను ముందు ఆ 180 షార్టులకే చోటును బట్టి రెండో పరేటో గీశాను. అందులో 112 ఒక్క J3 దగ్గరే. అది పది పిన్నుల కనెక్టర్. పిన్నుల వరస కన్వేయర్ వెళ్లే దిశలోనే ఉంటుంది. ఆ 112లో ఎక్కువ భాగం 9-10 పిన్నుల మధ్యే, అంటే వేవ్ నుంచి చివరగా బయటపడే చోటే. సోల్డర్ వేడి వల్లనో, ఫ్లక్స్ తక్కువ కావడం వల్లనో అయితే బోర్డంతా అక్కడక్కడా రావాలి కదా. సెట్టింగులేవీ ముట్టుకోకుండా కొన్ని బోర్డులను వెనక్కి తిప్పి పంపాం. షార్టులు 1-2 పిన్నుల దగ్గరికి మారాయి. దాంతో కారణం ఖాయమైంది: వరస పొడుగునా లాక్కొచ్చిన సోల్డర్‌కు చివర్లో జారిపోయే చోటు లేదు.

అప్పటికప్పుడు తోక పొట్టిగా ఉండే కనెక్టర్‌కి మారాం. బోర్డు కింద మూడు మిల్లీమీటర్లు పొడుచుకొచ్చే పిన్ను ఒకటిన్నరకు తగ్గింది, షార్టులూ బాగా తగ్గాయి. బోర్డు కొత్త రివిజన్‌లో చివరి పిన్ను వెనక ఒక ఖాళీ రాగి ప్యాడ్ పెట్టించాం. అదనపు సోల్డర్ దాని మీదికి పోతుంది. లైన్‌లో దాన్ని దొంగ ప్యాడ్ అంటారు. J3 ఆ తర్వాత చార్ట్ ముందు వరసలో కనబడలేదు.

ఇక చార్ట్ తప్పుదారి పట్టించే చోటు. మొదటి చార్ట్ డిఫెక్టుల సంఖ్యతో గీసింది. షార్టును తీయడానికి ఒక నిమిషం. తిరగబడిన కెపాసిటర్‌ను ఊడదీసి, రంధ్రాలు శుభ్రం చేసి, కొత్తది పెట్టి, మళ్లీ టెస్ట్ చేయడానికి పన్నెండు నిమిషాలు. కరెంటు ఇచ్చాక దొరికితే పాతదాన్ని మళ్లీ వాడకూడదు కూడా. నిమిషాలతో గీస్తే ఆ వారం మొత్తం 886 నిమిషాల్లో కెపాసిటర్లకే 288. షార్టులకు 180, భాగం లేని బోర్డులకు 160. సంఖ్యలో చివరికి పోయిన గీత సమయంలో అన్నిటికంటే ముందుకొచ్చింది. అప్పటినుంచి నేను రెండు చార్టులూ పక్కపక్కనే పెట్టి చూస్తాను. ఒక్కటే గీయాల్సి వస్తే నిమిషాలదే గీస్తాను.

కారణం లాగ్‌లోనే ఉంది. ఆ 24లో దాదాపు అన్నీ C8. పక్కనున్న C7 మైనస్ గుర్తు ఒక వైపు, C8ది ఇంకో వైపు. వేగంగా గుచ్చే చెయ్యి రెండింటినీ ఒకే వైపు పెట్టేస్తుంది. C8ను వేరే ఆపరేటర్ స్టేషన్‌కి మార్చి, వేవ్‌కి ముందు ఆ ఒక్క భాగాన్ని చూసే చెక్ పెట్టాం. సోల్డర్ కాకముందు దాన్ని తిప్పి పెట్టడం చిటికెలో పని.

లాగ్ నిజంగా నిండుతోందో లేదో తరచూ చూసుకోవాలి. మా దగ్గర షిఫ్ట్ చివరి గంటలో ఎంట్రీలు ఉండేవి కావు. అడిగితే బెంచీలోని అక్క ఉన్నమాట చెప్పింది: "బోర్డులు పేరుకుపోతే ముందు చేసేస్తాం సార్, రాయడం మిగిలిపోతుంది." తప్పు ఆమెది కాదు, ఫారంది. అందుకే ప్రతిసారీ పూర్తి పదాలు రాయక్కర్లేకుండా బోర్డు బొమ్మనే కాగితం మీద అచ్చేసి, చోటు మీద గీత పెట్టే పద్ధతికి మారాం. అలా ఎంట్రీలు పెరిగిన వారం చార్ట్ చూసి లైన్ పాడైందని టెన్షన్ పడకూడదు, పెరిగింది రాయడమే. నేను టచప్‌లో వాడిన సోల్డర్ తీగ బరువును కూడా చూస్తుంటాను. తీగ ఖర్చు మారకుండా డిఫెక్టులు సగానికి పడిపోయాయంటే అనుమానించాల్సిందే. లాగ్‌లో ఎవరి పేరూ అడగం. పేరు చూసి తిట్టడం మొదలైతే రాయడమే ఆగిపోతుంది.

ఉత్పత్తి పెరిగిన వారం డిఫెక్టులూ పెరుగుతాయి. కాబట్టి వారాలను పోల్చేటప్పుడు మేం వెయ్యి బోర్డులకు ఎన్ని అని చూస్తాం. మోడళ్లను ఒకే చార్ట్‌లో కలపం. ఒకదాని J3 ఇంకోదాని J3 కాదు.

పెద్ద గీతలు పోయాక చార్ట్ చదునుగా మారుతుంది. మాకూ మారింది. వారానికి పాతిక ముప్పై డిఫెక్టులే ఉన్నప్పుడు ఈ వారం మొదట ఉన్నది వచ్చే వారం మూడోది అవుతుంది, దాని వెంట పరుగెత్తితే శ్రమ దండగ. అందుకే ఇప్పుడు వారానికి బదులు నెల మొత్తం కలిపి గీస్తున్నాం. వారంవారీ చార్ట్‌ను కొత్త మోడల్ లైన్ మీదికి వచ్చినప్పుడు మాత్రమే తీస్తాం. ఆ మొదటి వారాల్లో దీనంతగా ఉపయోగపడింది మాకు ఇంకొకటి లేదు.