నెమ్మది రోజుల ముందు కాల్ కొనాలంటే: 30 రోజుల గడువా, 90 రోజుల గడువా, ఆగడమా?

ఒక షేరు 1000 దగ్గర ఉందనుకుందాం. ఫలితాలు వచ్చేశాయి. రాబోయే పది రోజుల్లో ఎదురుచూడవలసిన ప్రకటన ఏదీ లేదు. అయినా ఆ షేరు పెరుగుతుందని మీకు గట్టి నమ్మకం, గడువులోగా దాన్ని 1000కే కొనే హక్కునిచ్చే ఆప్షన్, అంటే 1000 స్ట్రైక్ కాల్, కొనాలని ఉంది. మీ ముందున్న దారులు మూడు: 30 రోజుల గడువున్న కాల్, 90 రోజుల గడువున్న కాల్, పది రోజులు ఆగి కొనడం. చాలామంది ప్రీమియం, అంటే ఆ హక్కుకు చెల్లించే ధర, తక్కువని మొదటిదాన్ని ఎంచుకుంటారు. నా దృష్టిలో ఈ మూడింటిలో అన్నిటికన్నా బలహీనమైనది అదే. ఎందుకో తెలియాలంటే వేగాను దగ్గరగా చూడాలి.

ఆప్షన్ ప్రీమియంలో ఒక అంచనా దాగి ఉంటుంది. గడువులోగా షేరు ఎంత వేగంగా ఊగుతుందని మార్కెట్ భావిస్తోందో ఆ అంచనా చెబుతుంది. దానినే ఇంప్లైడ్ వొలటిలిటీ అంటాం. ఈ అంచనా ఒక్క పాయింటు మారితే, అంటే 20 శాతం నుంచి 21కో 19కో వెళితే, ప్రీమియం ఎంత మారుతుందో చెప్పేదే వేగా. షేరు ధర కదలకపోయినా ఈ మార్పు వస్తుంది. స్ట్రైక్ ధర షేరు ధరకు దగ్గరగా ఉన్నప్పుడు వేగా ఎక్కువ, దూరం జరిగేకొద్దీ తగ్గుతుంది. గడువు విషయంలో అది వర్గమూలాన్ని అనుసరిస్తుంది: మిగిలిన రోజులు నాలుగింతలైతే వేగా రెండింతలవుతుంది.

ఇక లెక్క. వడ్డీని పక్కన పెట్టి, రెండు గడువులకూ వొలటిలిటీ 20 శాతం అనుకుంటే, 30 రోజుల కాల్ ప్రీమియం దాదాపు 22.9, వేగా 1.14. 90 రోజుల కాల్ ప్రీమియం 39.6, వేగా 1.98. పది రోజులు గడిచాయి, షేరు 1000 దగ్గరే ఉండిపోయింది. ఆప్షన్లు కొనేవారు తగ్గారు, అమ్మేవారు ధర దించారు. దగ్గరి గడువు వొలటిలిటీ 16కు, దూరపు గడువుది 18కి దిగింది.

ఇప్పుడు మొదటి కాల్ విలువ 14.9. అంటే 8 దాకా పోయింది, పెట్టినదానిలో మూడో వంతుకు పైనే. ఇందులో 4.2 కేవలం రోజులు గడవడం వల్ల పోగా, మిగిలిన 3.7 వొలటిలిటీ నాలుగు పాయింట్లు పడినందువల్ల పోయింది. చాలామంది నష్టమంతటినీ కాలక్షయం ఖాతాలో వేస్తారు. నిజానికి దాదాపు సగం వేగా తీసుకుపోయింది. ఈ నష్టం పూడాలంటే అదే పదో రోజున షేరు 1014 దగ్గర ఉండాలి. మీ అంచనా ప్రకారం అది 1010కి పెరిగినా చేతికి వచ్చేది నష్టమే. దిశ సరిగ్గా పట్టి కూడా డబ్బు పోగొట్టుకున్నవారి అయోమయానికి తరచూ ఇదే మూలం.

రెండో కాల్ 33.6కు దిగింది. నష్టం 6, పెట్టుబడిలో 15 శాతం. విడదీసి చూస్తే రోజుల వల్ల పోయింది 2.3 మాత్రమే, వొలటిలిటీ వల్ల పోయింది మళ్లీ అదే 3.7. 80 రోజులు మిగిలిన కాల్ వేగా 20 రోజులు మిగిలినదానికి రెండింతలు, కానీ అక్కడ వొలటిలిటీ సగమే పడింది కాబట్టి రెండూ సమానమయ్యాయి. ఇది పూర్తిగా యాదృచ్ఛికం కాదు. పది రోజుల నిశ్శబ్దం నెల రోజుల సగటును బాగా లాగుతుంది, మూడు నెలల సగటును అంతగా కదిలించలేదు. అందుకే దూరపు గడువుల వేగాను చూసి అంతా ప్రమాదమేనని భయపడడం ఎంత పొరపాటో, రెండు గడువుల వేగాలను నేరుగా కూడడమూ అంతే పొరపాటు. అయితే ఈ ఊరట ఎప్పుడూ దొరకదు. మార్కెట్ మొత్తం భయం తగ్గి దూరపు వొలటిలిటీ కూడా నాలుగు పాయింట్లూ పడితే, 90 రోజుల కాల్ 9.7 కోల్పోతుంది. అది మొదటి దారి నష్టం కన్నా ఎక్కువ. కాబట్టి కొనేముందు గడిచిన కొన్ని నెలల్లో దగ్గరి వొలటిలిటీ పడినప్పుడల్లా దూరపుది ఎంత పడిందో చూడాలి. సగం చుట్టుపక్కల ఉంటే రెండో దారి మేలు.

మూడో దారిలో, పది రోజుల తరువాత కొత్త 30 రోజుల కాల్ 16 శాతం వొలటిలిటీతో 18.3కు వస్తుంది. ముందే కొన్నవారు 22.9 పెట్టి, ఇప్పుడు 20 రోజులే మిగిలిన కాల్‌ను పట్టుకుని ఉన్నారు. ఆగినవారికి తక్కువ ధరకు పూర్తి నెల దొరికింది.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. నెమ్మది రోజులు వస్తున్నాయని మార్కెట్‌కు ముందే తెలిస్తే, అమ్మేవారు వొలటిలిటీని మొదటే దించి చూపిస్తారు. 30 రోజుల్లో పది రోజులు 10 శాతంతో, ఇరవై రోజులు 20 శాతంతో ఊగుతుందనుకుంటే, వర్గాల సగటు ప్రకారం తెర మీద కనిపించేది 17.3. అలవాటైన 20 కన్నా తక్కువ కదా, చౌకగా ఉందని కొంటారు, ప్రీమియం 19.8. నెమ్మది రోజులు దాటగానే వొలటిలిటీ నిజంగానే 20కి తిరిగి వస్తుంది. అప్పుడు కాల్ విలువ 18.7. కోరుకున్నట్టే వొలటిలిటీ దాదాపు మూడు పాయింట్లు పెరిగింది, అయినా ఆప్షన్ విలువ తగ్గింది. ఆ పెరుగుదల తెచ్చిన 2.5ను గడిచిన పది రోజులు 3.6 తీసుకుని మింగేశాయి. కనిపించిన 17.3 తగ్గింపు ధర కానే కాదు, ఖాళీ రోజులను కలిపి కట్టిన సరైన సగటు.

అమెరికా మార్కెట్‌లో 2017 ఇలాంటి ఏడాదే. ఎస్ అండ్ పి 500 ఆప్షన్లలోని నెల రోజుల ఇంప్లైడ్ వొలటిలిటీని చూపే విక్స్ సూచీ ఏడాది సగటు 11 దగ్గర ఉంది, నవంబరు 3న 9.14 దగ్గర ముగిసింది. ఆ అంకెలు చరిత్రలోనే అతి తక్కువ స్థాయిల్లోవి. కానీ ఎస్ అండ్ పి 500 నిజంగా ఊగింది ఏడు శాతం చొప్పునే. 11 చౌక అనుకుని నెలనెలా కొన్నవారికి అది ఖరీదైన ధరే అయింది.

అందుకే ప్రకటనలు లేని పది రోజుల ముందు నేను ఆగడానికే మొగ్గు చూపుతాను. ఆ పది రోజుల్లో షేరు ఒక్కసారిగా దూకితే తప్ప ఆగినందుకు పోయేది ఏమీ లేదు. కానీ ఆ దూకుడు అసలే రాదని ఎవరూ చెప్పలేరు. 2018 ఫిబ్రవరి 5న విక్స్ ఒక్క రోజులో 17 నుంచి 37కు ఎగసింది. అంతటి కుదుపును తప్పనిసరిగా కాచుకోవలసినవారు, ఉదాహరణకు పెద్ద మొత్తంలో షేర్లు ఉండి నిర్ణీత ధరకు అమ్మే హక్కునిచ్చే పుట్‌లతో రక్షణ కోరుకునేవారు, పది రోజులు వట్టి చేతులతో ఉండలేరు. వారికి 90 రోజుల గడువు సరిపోతుంది. గడువులోపల, నెమ్మది రోజులు దాటాక ఒక ముఖ్య ప్రకటన ఉంటే మరీ మంచిది.