పేరు పెట్టి పోల్చాలా, "మార్కెట్ నూనె" అంటే సరిపోతుందా? క్యాప్షన్‌లో ఏది మేలు

ఇంట్లో పచ్చళ్ళు, పొడులు, గానుగ నూనెలు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో అమ్మేవాళ్ళకి క్యాప్షన్లు రాసిపెట్టడం నా పని. వాళ్ళలో చాలామంది అడిగేది ఒకటే: "పోటీ బ్రాండ్ పేరు రాయొచ్చా? రాస్తే కేసు పెడతారా?" అడిగేటప్పటికే సగం మంది ఒక జవాబు అనుకుని ఉంటారు. పేరు రాయకపోతే చాలు, ఆ తర్వాత ఏం రాసినా పర్వాలేదని. నా అభిప్రాయం దీనికి దాదాపు వ్యతిరేకం. అందుకే ఒక క్యాప్షన్‌ని ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

గానుగ పల్లీ నూనె అమ్మేవాళ్ళ పేజీల్లో ఇలాంటిది రోజూ కనిపిస్తుంది: "మార్కెట్లో దొరికే నూనెలన్నీ కెమికల్సే! మా చెక్క గానుగ నూనెలో కొలెస్ట్రాల్ ఉండదు, గుండెకు మంచిది. పైగా పెద్ద బ్రాండ్ల కన్నా చవక!" ఇందులో ఎవరి పేరూ లేదు. అయినా మూడు వాక్యాల్లోనూ ఇబ్బంది ఉంది.

మొదటి వాక్యం సంగతి చూద్దాం. పేరు లేని నింద ఎవరికీ తగలదనుకుంటాం కానీ, అది ఆ సరుకు అమ్మే అందరికీ తగులుతుంది. 2004లో డాబర్, ఇమామీ కంపెనీల మధ్య ఢిల్లీ హైకోర్టులో నడిచిన వ్యవహారం ఇదే. ఎండాకాలంలో చ్యవన్‌ప్రాశ్ మర్చిపోండి, మా అమృత్‌ప్రాశ్ తినండి అని ఇమామీ ప్రకటన. ఎక్కడా డాబర్ పేరు లేదు. అయినా ఒక రకం సరుకు మొత్తాన్ని చిన్నబుచ్చితే దాన్ని అమ్మేవాళ్ళు అడగవచ్చని కోర్టు ఆ ప్రకటనను ఆపింది. ఆహార పదార్థాల విషయంలో ఇంకో మెట్టు ఎక్కువ. ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల ప్రకారం మన సరుకు అమ్ముకోవడానికి ఇంకో తయారీదారు సరుకును తక్కువ చేసి ప్రకటన ఇవ్వకూడదు. క్యాప్షన్ కూడా ప్రకటనే.

చట్టం పక్కన పెట్టినా "అన్నీ కెమికల్సే" అన్నది నిజం కాదు. మార్కెట్లో రిఫైన్డ్ నూనె ఉంది, రిఫైన్ చేయకుండా వడకట్టి అమ్మే ఫిల్టర్డ్ నూనె ఉంది, పక్క ఊళ్ళో మనలాగే గానుగ ఆడించుకునే ఇంకో కుటుంబం నూనె కూడా ఉంది. "మార్కెట్ నూనె" అనగానే ఈ మూడూ ఒకే గాటన పడిపోతాయి. పెద్ద కంపెనీకి మన క్యాప్షన్ వల్ల పోయేదేమీ లేదు. దెబ్బ తగిలేది ఆ పక్క ఊరి కుటుంబానికే. నాకు ఈ పద్ధతి నచ్చకపోవడానికి అసలు కారణం ఇది.

పేరు రాయకుండా ప్యాకెట్‌ను మసకగా చూపించడం కూడా ఇలాంటిదే. రంగు, ఆకారం చూసి అది ఏ బ్రాండో అందరూ చెప్పేస్తారు. వర్ణన కూడా వేలు చూపిస్తుంది. 2025లో పతంజలి ప్రకటన మీద డాబర్ వేసిన కేసులో, "మామూలు చ్యవన్‌ప్రాశ్" అన్న మాటతో పాటు వచ్చిన 40 మూలికల ప్రస్తావనే పెద్ద గొడవ అయింది. ఆ అంకె డాబర్‌ను గుర్తు చేస్తుందన్నది వాదన.

మరి పేరు పెట్టి పోల్చడం? చాలామంది భయపడేంత నేరం కాదు. నిజాయితీగా, వాళ్ళ పేరు చెడగొట్టకుండా పోల్చేటప్పుడు ఇంకొకరి బ్రాండ్ పేరు వాడుకోవడానికి మన ట్రేడ్‌మార్క్ చట్టంలో చోటుంది. ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న ఆస్కీ నియమావళి కూడా పోలికను వద్దనదు. ఏ విషయంలో పోలుస్తున్నామో తెలియాలి, మనకు అనుకూలమైన అంశాన్ని మాత్రమే ఏరుకోకూడదు, ఋజువు ఉండాలి, ఎదుటివాళ్ళని కించపరచకూడదు అంటుంది. కొనేవాళ్ళకి ఇందులో ఒక లాభం కూడా ఉంది. పేరు ఉంటే వాళ్ళు వెళ్ళి సరిచూసుకోగలరు. "పెద్ద బ్రాండ్ల కన్నా చవక" అంటే దేన్ని సరిచూసుకుంటారు?

అయితే పేరు రాసినా, రాయకపోయినా, పోలిక నిలబడేదీ కూలేదీ కొలత దగ్గరే. నా లెక్కలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం, దీన్నే ఎవరూ పట్టించుకోరు.

నూనె ధరనే తీసుకోండి. గానుగల వాళ్ళు చాలామంది కిలో లెక్కన అమ్ముతారు. బ్రాండ్ ప్యాకెట్లు ఎక్కువగా లీటరు లెక్కన వస్తాయి. నూనె నీళ్ళకన్నా తేలిక కాబట్టి లీటరు పల్లీ నూనె తూకం సుమారు 910 గ్రాములే. ఉదాహరణకి మనది కిలో 370 రూపాయలు, వాళ్ళది లీటరు 350 అనుకుందాం. పైకి చూస్తే మనది 20 రూపాయలు ఎక్కువ. వాళ్ళ 350ని 0.91తో భాగిస్తే కిలోకి దాదాపు 385 పడుతుంది. అంటే మనదే 15 రూపాయలు తక్కువ. ఇప్పుడు దీన్ని తిప్పి చూడండి. మనం లీటరు 370కి అమ్ముతూ, వాళ్ళ కిలో ధర 385తో పోల్చి "15 రూపాయలు చవక" అని రాస్తే, అంకెలు రెండూ నిజమే, పోలిక మాత్రం అబద్ధం. మన లీటరు కిలో లెక్కకి మారిస్తే 407 దగ్గర తేలుతుంది. పైగా ఇప్పుడు 800, 850 గ్రాముల ప్యాకెట్లు కూడా వస్తున్నాయి, చూడటానికి లీటరు ప్యాకెట్‌లాగే ఉంటాయి. ప్యాకెట్ మీద ధర పక్కనే చిన్నగా గ్రాముకో, మిల్లీలీటరుకో ఎంతో అచ్చు వేసి ఉంటుంది. రెండిటినీ ఒకే లెక్కకి మార్చుకుని పోల్చాల్సింది ఆ అంకెనే.

ధరలో ఇంకో రెండు చోట్ల జారిపోతుంటారు. వాళ్ళ ఎం‌ఆర్‌పీ పక్కన మన ఆఫర్ ధర పెట్టడం ఒకటి. వాళ్ళ ప్యాకెట్ కూడా షాపులో ఎం‌ఆర్‌పీ కన్నా తక్కువకే దొరుకుతుండొచ్చు. రెండోది కొరియర్ ఖర్చు. మన 370కి 80 రూపాయలు కొరియర్ కలిస్తే, వీధి చివర కొట్లో దొరికే ప్యాకెట్‌తో ఆ పోలిక నిలవదు.

పెద్ద కంపెనీలు కూడా కొలత దగ్గరే చిక్కుకున్నాయి. ఒక కప్పు కాంప్లాన్‌లో రెండు కప్పుల హార్లిక్స్‌కి సమానమైన ప్రొటీన్ ఉందని ఆరు సెకన్ల టీవీ ప్రకటన వచ్చింది. కాంప్లాన్ కప్పుకి 33 గ్రాముల పొడి, హార్లిక్స్ కప్పుకి 27 గ్రాములు. కప్పు అనే మాట ఒకటే, కప్పులో పడే పొడి వేరు. చూసేవాళ్ళకి ఆ తేడా సరిగా చెప్పలేదని 2020లో ఢిల్లీ హైకోర్టు ఆ టీవీ ప్రకటనను ఆపింది.

క్యాప్షన్ కూడా ఆ ఆరు సెకన్ల ప్రకటన లాంటిదే. ఇన్‌స్టాలో మొదటి ఒకటి రెండు వరుసలే కనిపిస్తాయి, మిగతాది "more" నొక్కితేనే. "15 రూపాయలు చవక" పైన పెట్టి, "కొరియర్ అదనం" అన్నది హ్యాష్‌ట్యాగుల కింద పెడితే చెప్పినట్టు కాదు. షరతు ఏదైనా క్లెయిమ్ ఉన్న వాక్యంలోనే ఉండాలి. క్లెయిమ్ తెలుగులో రాసి, షరతు ఇంగ్లీషులో పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండూ ఒకే భాషలో ఉండాలి. తప్పుదోవ పట్టిస్తే వినియోగదారుల చట్టం కింద జరిమానా 10 లక్షల దాకా వెయ్యొచ్చు, మళ్ళీ అదే పని చేస్తే 50 లక్షల దాకా.

ఇక నాకు నచ్చిన పద్ధతి చెప్తాను. మనిషిని మనిషితో, బ్రాండును బ్రాండుతో కాకుండా, రకాన్ని రకంతో పోల్చడం. గానుగ నూనె ఒక రకం, రిఫైన్డ్ ఒక రకం. వాటి మధ్య తేడా తయారీలో ఉంది. రిఫైనింగ్‌లో నూనెలోని జిగురు, ఆమ్లాలు తీసేసి, రంగు విరిచి, చివర్లో 200 డిగ్రీలకు పైగా వేడి మీద ఆవిరితో వాసన పోగొడతారు. అందుకే అది తేటగా, వాసన లేకుండా ఉంటుంది. కొంత విటమిన్ ఇ కూడా ఆ దారిలో పోతుంది. ఇది ఎవరినీ తిట్టకుండా చెప్పగల నిజం.

కానీ రకాన్ని రకంతో పోల్చేటప్పుడు ఎదుటి రకం గెలిచే చోటు కూడా చెప్పాలి. రిఫైన్డ్ పల్లీ నూనె 230 డిగ్రీల దాకా పొగ రాకుండా తట్టుకుంటుంది, రిఫైన్ చేయనిది 160 దగ్గరే పొగ మొదలెడుతుంది. బూజు పట్టిన పల్లీల నుంచి నూనెలోకి వచ్చే అఫ్లటాక్సిన్ అనే విషం రిఫైనింగ్‌లో చాలావరకు పోతుంది, గానుగలో పోదు. కాబట్టి "మాది సురక్షితం, వాళ్ళది కాదు" అనే హక్కు గానుగ వాళ్ళకి లేదు. పల్లీలు ఎలా ఏరారో, ల్యాబ్ పరీక్ష చేయించారో లేదో చెప్పుకోవచ్చు.

కొలెస్ట్రాల్ సంగతి కూడా ఇక్కడే. ఏ పల్లీ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు, నువ్వుల నూనెలోనూ అంతే. మనది మాత్రమే అలా ఉన్నట్టు రాస్తే, మిగతావాటిలో ఉందని చదివేవాళ్ళు అనుకుంటారు. మాట నిజమే అయినా అర్థమయ్యేది అబద్ధం. "గుండెకు మంచిది" అన్నది పూర్తిగా తీసేయండి. వంటనూనె లేబుళ్ళ మీద ఇలాంటి మాటల్ని నిబంధనలే ఒప్పుకోవు.

పైన చూపిన క్యాప్షన్‌ని నేనైతే ఇలా రాస్తాను: "చెక్క గానుగలో ఆడించిన పల్లీ నూనె, రిఫైన్ చేయలేదు. అందుకే పల్లీ వాసన, రంగు అలాగే ఉంటాయి, అడుగున కొంచెం మడ్డి దిగుతుంది. తాలింపులకి, కూరలకి, పచ్చళ్ళకి బాగుంటుంది. పెద్ద మంట మీద పూరీలు, గారెలు వేయించేవాళ్ళకి రిఫైన్డ్ నూనె ఎక్కువ వేడి తట్టుకుంటుంది. కిలో 370 రూపాయలు, కొరియర్ 80 అదనం." ఇందులో ఎవరినీ ఒక్క మాట అనలేదు. కొనేవాళ్ళకి రెండు రకాల తేడా తెలిసింది. మడ్డి చూసి నూనె పాడైందంటూ వచ్చే ఫోన్లు కూడా తగ్గుతాయి.

"నంబర్ వన్", "ఊళ్ళోనే బెస్ట్" లాంటివాటికి లెక్క చూపించలేకపోతే రాయకండి. మీ పాత నూనెతో మీ కొత్త నూనెను పోల్చుకోవడంలో ఏ ఇబ్బందీ లేదు, ఏం మారిందో చెప్తే చాలు.

పేరు పెట్టే పోల్చాలనుకుంటే, నా దృష్టిలో ధర, తూకం వరకే ఆగడం మంచిది. ఆ రెండూ ప్యాకెట్ మీద అచ్చై ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. రుచి, ఆరోగ్యం జోలికి వెళ్తే ఋజువు మీ చేతిలో ఉండదు. ఆ రోజే ప్యాకెట్ కొని, వెనక వైపు ఫొటో తీసి, బిల్లు దాచుకోండి. క్యాప్షన్‌లో తేదీ, ఎక్కడ కొన్నారో రాయండి. మూడు నెలల తర్వాత అదే రీల్‌ని మళ్ళీ పెట్టేముందు వాళ్ళ ధర ఇంకోసారి చూసుకోండి. మారి ఉంటే పాత పోస్టులో కూడా మార్చండి, ఎవరో అడిగేదాకా ఆగకుండా.