మెట్ల మలుపులో సోఫా: పడుకోబెట్టాలా, నిలబెట్టాలా, తాడుతో లాగాలా?

గుంటూరు బ్రాడీపేటలో మేం అద్దెకు దిగిన మేడ మీది వాటాకు మెట్లు బయటి నుంచే. సగం ఎక్కాక ఎల్ ఆకారంలో ఒక మలుపు. మెట్లూ, మలుపులో చదరమూ మూడేసి అడుగుల వెడల్పు. బయటివైపు గోడ, లోపలివైపు స్తంభం. మా సోఫా పొడవు 78 అంగుళాలు, లోతు 34, ఎత్తు 32. మొదట అందరం చేసే పనే చేశాం. నలుగురం పడుకోబెట్టి మోసుకుపోయాం. ఒక కొస గోడకు, ఇంకో కొస మెట్ల పక్క గోడకు తగిలి, నడుము స్తంభానికి ఆనుకుని ఆగిపోయింది.

అది బలం చాలక కాదు, లెక్క తప్పడం వల్ల. మూడడుగుల మెట్లు మూడడుగుల మెట్లను కలిసేచోట, బయటి మూల నుంచి లోపలి స్తంభం దాకా ఐమూలగా కొలిస్తే 51 అంగుళాలు వస్తుంది (36ని 1.414తో గుణిస్తే చాలు). అందులోంచి సామాను వెడల్పు తీసేసి, మిగిలినదాన్ని రెట్టింపు చేస్తే, పడుకోబెట్టి తిప్పగల గరిష్ఠ పొడవు తెలుస్తుంది. మా సోఫాకు లోతు, ఎత్తుల్లో చిన్నదైన 32నే వెడల్పుగా తీసుకున్నా, 51లో 32 పోతే 19, రెట్టింపు 38. మా సోఫా అంతకు రెండింతలు! ఈ కొలతల మెట్ల మీద ముగ్గురు కూర్చునే సోఫాను పడుకోబెట్టి తిప్పడమనే మాట మరిచిపోవచ్చు.

ముఠా మేస్త్రి వచ్చి ఒకసారి చూసి, "పడుకోబెడితే రాదు సార్, నిలబెడితే వస్తది" అన్నాడు. నిలువునా లేపితే నేల మీద అది ఆక్రమించేది 34 అంగుళాలు ఇటు, 32 అటు. అంటే దాన్ని తిప్పే పనే లేదు. మలుపు దాకా తెచ్చి, నిలబెట్టి, ముఖం ఎటుంటే అటే ఉంచి పక్కకు జరిపి, రెండో మెట్ల వరుసవైపు వాల్చుకోవడమే. రెండో వరుసలో 34 అంగుళాల వైపు అడ్డం వస్తుంది కాబట్టి, రెండు పక్కలా ఒక్కో అంగుళమే మిగులుతుంది. చేతి వేళ్లు గోడకు గీసుకుంటాయి, కాబట్టి పక్కల నుంచి కాకుండా పైనా కిందా పట్టుకోవాలి.

ఇక్కడే చాలామంది దెబ్బ తినేది పైకప్పు దగ్గర. 78 అంగుళాల సోఫాకు 80 అంగుళాల ఎత్తు ఉంటే చాలనుకుంటారు. నిలబడ్డాక చాలు, కానీ లేపేటప్పుడు మూల పైకి లేస్తుంది. 78, 34ల ఐమూల 85 అంగుళాలు. మా చదరం మీద స్లాబు 90లో ఉంది కాబట్టి బతికిపోయాం. అదే 82లో ఉంటే, కింద ముంగిట్లోనే నిలబెట్టుకుని నిలువునా ఎక్కించాలి. అది మెట్ల మీద చాలా కష్టం.

ఇక తలుపు. మూడడుగుల ద్వారబంధం అన్నది బయటి కొలత. రెండు పక్కలా చెక్క పోగా మాకు దొరికింది 31 అంగుళాలు. సోఫాను కాస్త వాల్చితే పడుతుందేమో చూశాం. వీపు పైఅంచు నుంచి చెయ్యి ముందుఅంచుకు ఒక కర్ర ఆనించి, ఆ కర్ర నుంచి వెనక అడుగుమూల దాకా సూటిగా కొలవాలి. 31కి పైనే వచ్చింది. చేతులు 24 అంగుళాల ఎత్తు కావడంతో వాల్చినా లాభం ఒక్క అంగుళం కూడా లేదు. చేతులు 16 అంగుళాలే ఉంటే మూడు అంగుళాలు కలిసొచ్చేది. చివరికి మా ఆవిడ "కాళ్లు ఊడతాయేమో చూడండి" అంది. నాలుగు అంగుళాల కాళ్లు మరలు తిప్పితే ఊడాయి, ఎత్తు 28కి దిగింది. ఆ మాట కిందే అనుంటే మెట్ల మీద గోడలు గీసుకునేవాళ్లం కాదు!

తాడుతో బాల్కనీ మీదుగా లాగడం మలుపునూ తలుపునూ రెంటినీ తప్పిస్తుంది. కానీ బాల్కనీ ముందు కరెంటు తీగలుంటే ఆ ఆలోచనే వద్దు. అవి లేకున్నా పైన ఇద్దరు, కింద ఇద్దరు, పిట్టగోడ దాటించడానికి ఒకరు కావాలి. తాడు సోఫా చేతులకు కాదు, అడుగు చట్రం చుట్టూ రావాలి. చేతికి కడితే బరువంతా ఒక్క కీలు మీద పడి ఊడొస్తుంది. నేనైతే నిలబెట్టడం కుదరనప్పుడే దీనికి పోతాను.

బీరువా సంగతి దీనికంటే తేలిక. మామూలుగా 78, 36, 19 అంగుళాలు. పడుకోబెడితే తిప్పగలిగేది 64 వరకే, అంటే అదీ రాదు. నిలబెడితే మాత్రం హాయిగా మలుపు తిరుగుతుంది. లేపేటప్పుడు 36 వైపు మీదుగా లేపితే 86 అంగుళాల ఎత్తు కావాలి, 19 వైపు మీదుగా అయితే 81 చాలు. తలుపులకు తాళం వేసి తాడు చుట్టడం మరిచిపోతే, లేపే సగంలో తలుపు తెరుచుకుని ముందున్నవాడి మోచేతికి తగులుతుంది. మా తమ్ముడికి ఆ మచ్చ ఇంకా ఉంది.