జలుబుకీ గొంతు ఇన్‌ఫెక్షన్‌కీ ఒకే మాత్రా?

మందుల షాపులో "జలుబు, గొంతు నొప్పి" అనగానే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు మూడు చేతిలో పెట్టేస్తారు. మూడో రోజుకి తగ్గితే మాత్ర గొప్పే అనుకుంటాం. జలుబు రెండు మూడు రోజులు ముదిరి, ఆ తర్వాత ఎలాగూ దిగుతుంది.

స్ట్రెప్ అనే బ్యాక్టీరియా గొంతులో చేరితే కథ వేరు. అది సొంత గోడ, సొంత ప్రోటీన్ల తయారీ ఉన్న కణం. అమాక్సిసిలిన్ అనే మరో యాంటీబయాటిక్ ఆ గోడ కట్టనివ్వదు, అజిత్రోమైసిన్ ఆ తయారీని ఆపుతుంది. జలుబు వైరస్‌కి ఆ రెండూ లేవు. మన కణాల్లో దూరి, మన యంత్రాంగాన్నే వాడుకుంటుంది. ఇక మాత్ర దేన్ని కొడుతుంది?

ముక్కు కారుతూ, తుమ్ములు, దగ్గు ఉంటే చాలావరకు వైరస్సే. చీమిడి పచ్చగా మారినంత మాత్రాన బ్యాక్టీరియా అనుకోవద్దు, ఆ రంగు మన తెల్లరక్త కణాలది. దగ్గు లేకుండా హఠాత్తుగా జ్వరం, మింగలేనంత నొప్పి, టాన్సిల్స్ మీద తెల్లమచ్చలు, మెడలో నొప్పి పుట్టే గడ్డలు ఉంటే స్ట్రెప్ అని అనుమానించాలి. ఖాయం చేసేది గొంతు స్వాబ్ పరీక్షే. స్ట్రెప్ అయితే అమాక్సిసిలిన్ సాధారణంగా పది రోజులు వాడాలి. వదిలేస్తే కొందరు పిల్లల్లో రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి.

తామర లాంటి ఫంగస్‌కి ఈ రెండు మాత్రలూ పనికిరావు. దాని కణం మన కణానికి దగ్గరి పోలిక, మందులూ వేరు.