రాయల్టీ లేని టీ ఫ్రాంచైజీయా, అయిదు శాతం రాయల్టీయా: ఏది మేలు?

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి చుట్టూ బ్రాండు పేరున్న టీ షాపులు పెరిగాక, జీఎస్టీ రిటర్నుల కోసం నా దగ్గరకు వచ్చేవాళ్లు ఫ్రాంచైజీ అగ్రిమెంటు కాపీలు కూడా పట్టుకొస్తున్నారు. అందరిదీ ఇంచుమించు ఒకటే ప్రశ్న. "ఏటి సార్, ఈళ్లు రాయల్టీ జీరో అంటన్నారు, ఆళ్లు అయిదు శాతం అడుగుతున్నారు. జీరోయే నయం కదా?" అందుకే ఈసారి లెక్క వేసి చూపిస్తున్నాను. బ్రాండుల పేర్లు రాయను. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే. మీ కాగితాల్లోని అంకెలు పెట్టి ఇదే లెక్క మీరూ చేసుకోవచ్చు.

నెలకు 20,000 టీలు, టీ 15 రూపాయలు. అమ్మకం 3 లక్షలు అనుకుందాం.

అమ్మకం మీద అయిదు శాతం రాయల్టీ అంటే 15,000. దాని మీద కంపెనీ 18 శాతం జీఎస్టీ వేస్తుంది, 2,700. మొత్తం 17,700. వేరే వ్యాపారమైతే ఆ 2,700ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకోవచ్చు. టీ షాపు రెస్టారెంటు సేవ కిందకు వస్తుంది, అక్కడ మీరు కట్టే జీఎస్టీ 5 శాతం, క్రెడిట్ ఉండదు. చిన్న వ్యాపారుల కాంపోజిషన్ పథకంలో ఉన్నా క్రెడిట్ రాదు. కాబట్టి అయిదు శాతం అని సంతకం పెట్టినా మీ చేతి నుంచి పోయేది 5.9 శాతం. కంపెనీ మనిషి ఈ మాట ఎప్పుడూ ముందుగా చెప్పడు.

ఇప్పుడు జీరో రాయల్టీ. కంపెనీ ఊరికే పేరు ఇవ్వదు కదా, అది సరుకులో రాబట్టుకుంటుంది. "టీ పొడి, కప్పులు, ఇతర సామగ్రి కంపెనీ వద్దనే, కంపెనీ నిర్ణయించిన ధరకు కొనవలెను" అన్న క్లాజు దాదాపు ప్రతి జీరో రాయల్టీ అగ్రిమెంటులోనూ ఉంటుంది. కప్పుకు 3 గ్రాముల పొడి వేస్తే నెలకు 60 కిలోలు. కంపెనీ పొడి కిలో 640, అదే రకం పొడి హోల్‌సేల్‌లో 420 ఉందనుకోండి. తేడా 220, నెలకు 13,200. కప్పు మీద 40 పైసలు తేడా అంటే అది ఇంకో 8,000. రెండూ కలిపి 21,200, అమ్మకంలో ఏడు శాతం. జీరో అన్నచోట ఏడు, అయిదు అన్నచోట 5.9.

ఇది తప్పు అనను. ఒక్కోసారి కంపెనీ టోకున కొనడం వల్ల దాని ధరే మనకు చవక పడుతుంది, అప్పుడు జీరో రాయల్టీయే లాభం. రుచి వాళ్ల పొడిలో ఉంటే ఆ పొడి వాళ్ల దగ్గరే కొనమనడంలోనూ న్యాయం ఉంది. కానీ కప్పుకూ పంచదారకూ ఆ న్యాయం లేదు. బొమ్మ అచ్చు వేసిన కప్పు కావాలంటే కొలతలూ డిజైనూ ఇచ్చి "ఆమోదించిన ఏ సరఫరాదారు దగ్గరైనా కొనవచ్చు" అని రాయించుకోవచ్చు. అడిగితే చాలా కంపెనీలు పొడి తప్ప మిగతావాటికి ఒప్పుకుంటాయి.

నా లెక్కలో అసలు తేల్చేది ఈరోజు ధర కాదు, రేపటి ధరను ఎవరు పెంచుతారన్నది. ధరల పట్టిక అగ్రిమెంటుకు జతచేసి ఉందా, లేక "కంపెనీ ఎప్పటికప్పుడు సవరించవచ్చు" అని ఒక్క వాక్యంతో వదిలేశారా? పొడి 640 నుంచి 700 అయిందంటే నెలకు ఇంకో 3,600, అంటే 24,800. ఏడు శాతం ఎనిమిది దాటేసింది, మీరు ఏ కాగితం మీదా మళ్లీ సంతకం పెట్టకుండానే. అయిదు శాతం రాయల్టీని పెంచాలంటే మాత్రం కంపెనీ మీ సంతకం కోసం రావాలి. నేను శాతం వైపు మొగ్గడానికి కారణం ఇదే.

జీరో రాయల్టీయే తీసుకోవాలనుకుంటే కంపెనీ ప్రతినిధిని అడిగి లాభం లేదు. ఏడాది దాటి నడుపుతున్న ఫ్రాంచైజీదారుణ్ణి ఒకరిని పట్టుకుని, మొదటి నెల కొనుగోలు బిల్లు, నిన్నటి బిల్లు పక్కపక్కన చూపించమనండి. విజయనగరంలోనో పార్వతీపురంలోనో ఎవరో ఒకరు దొరుకుతారు. ధర ఎన్నిసార్లు పెరిగిందో ఆ రెండు కాగితాలే చెబుతాయి. తర్వాత పెంపుకు పరిమితి అడగండి: ఏడాదికి ఒకసారే, ఇంత శాతం లోపే, నెల ముందు రాతపూర్వకంగా.

దాని పక్కనే ఉంటుంది కనీస కొనుగోలు. నెలకు 60 కిలోలు తప్పక ఎత్తాలని ఉంటే, ఎండాకాలంలో అమ్మకం 2 లక్షలకు పడినప్పుడు మీకు పట్టేది 40 కిలోలే. మిగిలిన 20 కిలోలు, అంటే 12,800 రూపాయలు, మూటల్లో కూర్చుంటాయి. ఆ పొడికి గడువు తేదీ కూడా ఉంటుంది. శాతం పద్ధతిలో అదే నెల రాయల్టీ 11,800కు దిగుతుంది.

మన జిల్లాకు ఇంకో సంగతి ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి నెలలో కనీస కొనుగోలు వర్తిస్తుందా? ప్రకృతి వైపరీత్యాల క్లాజు ఉంటుంది కానీ, చివర్లో "చెల్లింపు బాధ్యతలకు ఇది వర్తించదు" అని ఒక ముక్క తగిలిస్తారు. ఆ ముక్క తీయించండి, లేదా షాపు మూతపడిన రోజులకు కనీస కొనుగోలు తగ్గేలా రాయించండి.

శాతం రాయల్టీ మచ్చలేనిదేమీ కాదు. "అయిదు శాతం లేదా 20,000, ఏది ఎక్కువైతే అది" అని ఉంటే అది శాతమే కాదు, పైన చెప్పిన కనీస కొనుగోలుకు అన్నదమ్ములు. అమ్మకం అన్న మాటకు నిర్వచనం కూడా చదవండి. జీఎస్టీ తీసేసిన మొత్తం మీదా, కలిపిన దాని మీదా? డెలివరీ యాప్ ఆర్డరు 100 రూపాయలై, యాప్ కమిషన్ పోను మీకు 75 వస్తే, రాయల్టీ దేని మీద? రాయకపోతే వందమీదే లాగుతారు. ఇంకా, శాతమంటే బిల్లింగ్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే. లెక్క తేడా వస్తే ఆడిట్ ఖర్చు మీ మీద పడుతుంది. ఆ టెన్షన్ జీరో రాయల్టీలో లేదు, నిజమే. పైగా శాతం అడిగే కంపెనీలు కొన్ని సరుకు క్లాజు కూడా పెడతాయి. రెండూ ఉంటే రెండు లెక్కలూ కూడాలి.

నెలకు ఇంత అని స్థిరమైన రాయల్టీ ఉంటుంది, బాగా అమ్మేవాళ్లకు పరవాలేదు. పెట్టుబడి మీది, నడపడం మాది, నెలకు ఇంత గ్యారంటీ అనే రకం కూడా వస్తోంది. ఆ గ్యారంటీ వెనక బ్యాంకు హామీ లేదంటే అది మాటే.

ఫ్రాంచైజీలకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు, ముందుగా వివరాలు ఇవ్వాలన్న నిబంధనా లేదు. ఒప్పందంలో ఉన్నదే మీకు దిక్కు. అందుకే ముగింపు పేజీ కూడా ఈ సరుకు కళ్లతోనే చూడండి. ఒప్పందం ముగిసిన రోజున మిగిలిన పొడి, అచ్చు కప్పులు మీరు కొన్న ధరకు కంపెనీ వెనక్కి తీసుకుంటుందా, డిపాజిట్ ఎన్ని రోజుల్లో ఇస్తుంది? మానేశాక రెండేళ్లు టీ వ్యాపారం చేయకూడదన్న షరతు కనిపిస్తే హడలిపోవద్దు. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద ఒప్పందం ముగిసిన తర్వాతి నిషేధాలు కోర్టుల్లో సాధారణంగా నిలవవు. కానీ ఒప్పందం నడుస్తుండగా పక్కన ఇంకో టీ కొట్టు పెట్టకూడదంటే అది చెల్లుతుంది. వాళ్ల పేరూ బోర్డూ మాత్రం ముగిసిన రోజే దించాలి. దానితోపాటు, ఒప్పందం అయిదేళ్లూ షాపు అద్దె పత్రం మూడేళ్లూ ఉంటే, నాలుగో ఏడు ఓనరు ఖాళీ చేయమన్నప్పుడు మధ్యలో మానేసినందుకు జరిమానా ఎవరు కడతారో కంపెనీతో ముందే తేల్చుకోండి.