వాసన బాగుందని తిన్న ఫ్రైడ్ రైస్: కొనేవారికి ఒక హెచ్చరిక

గత శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు ఒక భోజనశాల నుంచి ఫ్రైడ్ రైస్, సూప్ తెప్పించుకున్నాము. పొట్లం విప్పగానే ఆవిరి పైకి లేచింది. వెల్లుల్లి వేగిన వాసన కమ్మగా వచ్చింది, మెతుకు మెతుకుకు అంటుకోకుండా పొడిపొడిగా ఉంది. నేను, మా తమ్ముడు అన్నం తిన్నాము. అమ్మ సూప్ మాత్రమే తీసుకుంది. పదింపావుకు తమ్ముడికి వాంతులు మొదలయ్యాయి, మరో పావుగంటకు నాకు కూడా మొదలై తెల్లవారుజాము దాకా ఆగలేదు. ఇద్దరికీ జ్వరం లేదు, అమ్మకు ఏమీ కాలేదు.

ఆ భోజనశాల పేరు రాయడం లేదు, ఎందుకంటే ల్యాబ్ పరీక్ష లేకుండా ఫలానా కారణమని తేల్చి చెప్పే హక్కు నాకు లేదు. అయితే తిన్న రెండు గంటలలోపే వాంతులు మొదలయ్యాయన్న ఒక్క సంగతే చాలావరకు దారి చూపుతుంది. సాల్మొనెల్లా వంటి బాక్టీరియా కడుపులోకి వెళ్లాక పెరిగి జబ్బు చేయడానికి సాధారణంగా ఆరు గంటలకు తక్కువ పట్టదు, చాలాసార్లు ఒకటి రెండు రోజులు కూడా పడుతుంది. ఇంత త్వరగా వాంతులు వచ్చాయంటే, విషం మా కడుపులో కాకుండా అంతకుముందే ఆహారంలో తయారై ఉండవచ్చు. వండిన అన్నం విషయంలో ముందుగా అనుమానించవలసింది బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియాను, అది తయారుచేసే సీరియులైడ్ అనే విషపదార్థాన్ని.

మరునాడు ఫోన్ చేసి అన్నం ఎప్పుడు వండారని అడిగాను. ఉదయం పదకొండింటికి వండి, పెద్ద గిన్నెలో మూతపెట్టి, పొయ్యి పక్కనే ఉంచామని, ఆర్డర్ వచ్చినప్పుడల్లా అందులోంచి తీసి వేయిస్తామని వంటవాడు దాపరికం లేకుండా చెప్పాడు. అప్పుడే దించిన అన్నం బాణలిలో ముద్దయిపోతుంది కాబట్టి ఫ్రైడ్ రైస్‌కు చల్లారిన అన్నాన్నే వాడతారు. అందులో తప్పు లేదు. ఆ అన్నం ఎక్కడ చల్లారిందన్నదే ప్రశ్న. నేను మెచ్చుకున్న ఆ పొడిపొడితనం అన్నం పాతదని చెప్పిందే కాని, అది ఫ్రిజ్‌లో గడిపిందా, వంటగది వేడిలో గడిపిందా అన్నది చెప్పలేదు. “వాసన చూసే వేశామండీ” అని కూడా అతను అన్నాడు. అబద్ధమాడాడని నేను అనుకోవడం లేదు.

బియ్యంలో ఈ బాక్టీరియా స్పోర్ల రూపంలో, అంటే గట్టి పెంకు తొడుక్కుని నిద్రపోతున్న స్థితిలో ఉండడం మామూలే. అన్నం ఉడికేటప్పుడు మిగతా సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి కాని స్పోర్లు బతికి బయటపడతాయి, పైగా ఆ వేడి వాటిని నిద్ర లేపుతుంది. అన్నం 60 డిగ్రీల సెల్సియస్ కన్నా వేడిగా ఉన్నంతసేపూ, లేదా 5 డిగ్రీల కన్నా చల్లగా ఉన్నంతసేపూ భయం తక్కువ. ఈ రెండింటి మధ్య, ముఖ్యంగా గోరువెచ్చగా ఉన్నప్పుడు అవి వేగంగా పెరుగుతాయి. మూతపెట్టిన పెద్ద గిన్నెలో పైభాగం చల్లారినా నడిమి అన్నం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది, తేమ కూడా పోదు.

లెక్క వేసి చూడండి. గ్రాము అన్నంలో పది బాక్టీరియా మేల్కొని, అరగంటకోసారి రెట్టింపవుతున్నాయనుకుందాం. ఎనిమిది గంటల్లో పదహారుసార్లు రెట్టింపైతే ఆ పది ఆరున్నర లక్షలు దాటుతాయి. జబ్బు చేసిన ఆహారాల్లో సాధారణంగా గ్రాముకు లక్షకు పైగానే ఈ బాక్టీరియా కనిపిస్తుంది. మాకు వచ్చిన అన్నం వండి తొమ్మిదిన్నర గంటలైంది.

మరి ముక్కుకు ఎందుకు తెలియలేదు? మనం కుళ్లు వాసన అనేది వేరే సూక్ష్మజీవుల పని. అవి మాంసకృత్తులను, కొవ్వులను విరగ్గొట్టినప్పుడు వెలువడే గంధకపు సమ్మేళనాలు, అమైన్లు, ఆమ్లాలు గాలిలోకి లేచి ముక్కుకు తగులుతాయి. సీరియులైడ్ గాలిలోకి లేచే పదార్థం కాదు, దానికి వాసన లేదు, రుచి లేదు, రంగు లేదు. అన్నాన్ని పాడుచేసేవి, మనిషికి జబ్బు చేసేవి ఒకే జట్టుగా, ఒకే వేగంతో పెరగాలన్న నియమం కూడా లేదు. కాబట్టి దుర్వాసన వస్తే పారేయడం సరైనదే కాని, రాలేదు కనుక తినవచ్చనడం సరికాదు. దీనికి తోడు వెల్లుల్లి, సాస్, కాగిన నూనె కలిస్తే కొద్దిపాటి పులిసిన వాసన ఉన్నా అది కప్పబడిపోతుంది. రోజంతా వంటగదిలో నిలబడే మనిషి ముక్కు అక్కడి వాసనలకు అలవాటుపడి ఉంటుందన్నది కూడా మరచిపోకూడదు.

పెద్ద మంట మీద వేయించారు కదా, అన్నీ చచ్చి ఉండాలి కదా అని తమ్ముడు అడిగాడు. బాక్టీరియా చస్తుంది, అది అప్పటికే వదిలిన విషం మిగిలిపోతుంది. సీరియులైడ్ 121 డిగ్రీల వద్ద గంటకు పైగా ఉంచినా చెక్కుచెదరదు, బాణలిలో రెండు మూడు నిమిషాలు తిప్పితే దానికి ఏమీ కాదు. చేతుల నుంచి ఆహారంలోకి చేరే స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే మరో బాక్టీరియా విషానిది కూడా ఇదే తీరు, కనుక మా విషయంలో దాన్ని కూడా పూర్తిగా కొట్టిపారేయలేను. పొగలు కక్కుతూ వచ్చిన పొట్లం చివరి పది నిమిషాల సంగతే చెబుతుంది, అంతకుముందు గడిచిన గంటల సంగతి చెప్పదు.

అందువల్ల కొనేటప్పుడు ‘తాజాదేనా’ అని అడగకండి, ఆ ప్రశ్నకు ఎక్కడైనా ఒకటే జవాబు వస్తుంది. అన్నం ఎన్నింటికి వండారు, వండాక ఎక్కడ ఉంచారు అని అడగండి. పలుచగా ట్రేలలో పరచి, చల్లార్చి, రెండు గంటలలోపే ఫ్రిజ్‌లో పెట్టామని వెంటనే చెప్పగలిగిన చోట ధైర్యంగా కొనవచ్చు. బయటే ఉంచామంటే రెండు గంటలు దాటినదాన్ని, పరిసరాలు 32 డిగ్రీలకు మించి వేడిగా ఉంటే గంట దాటినదాన్ని వదిలేయండి. ఇంటికి తెచ్చాక మిగిలినదానికి కూడా ఇదే గడియారం వర్తిస్తుంది, మళ్లీ వేడి చేసినంత మాత్రాన అది సున్నా నుంచి మొదలుకాదు.

ఇటువంటి వాంతులు చాలామందికి ఒక రోజులోపే తగ్గిపోతాయి. మాకూ తగ్గాయి. అయితే చిన్నపిల్లలకు వచ్చినా, గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోయినా, వాంతిలో రక్తం కనిపించినా, మనిషి మగతగా మారినా ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు వెళ్లాలి. అరుదుగానే అయినా ఈ విషం కాలేయాన్ని దెబ్బతీసిన సందర్భాలు ఉన్నాయి.

ఆ రాత్రి మిగిలిన అన్నం డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. ఆదివారం పారేసే ముందు మూత తీసి మరోసారి వాసన చూశాను. వెల్లుల్లి వాసనే వచ్చింది.