పెన్సిలుతో గీసే పెడిగ్రీ చార్ట్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

నెల్లూరులో పిల్లల డాక్టరుగా నేను వాడే వాటన్నిటిలో చౌకైనది, ఇంట్లో ఎవరెవరికి జబ్బు వచ్చిందో చూపే ఈ వంశవృక్షమే: తెల్ల కాగితం, పెన్సిలు, రబ్బరు. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా. జబ్బున్నవాళ్లను నల్లగా నింపుతాం, పోయినవాళ్ల మీద అడ్డంగా గీత కొడతాం, చుట్టరికంలో జరిగిన పెళ్లికి జంట గీత గీస్తాం. కంప్యూటర్ ప్రోగ్రాములూ వాడి చూశాను. బొమ్మ ముచ్చటగా వస్తుంది గానీ, మాట మధ్యలో "ఇంకో పిల్లోడు పుట్టి పోయినాడు మేడమ్" అంటే చెరిపి మళ్లీ గీయడానికి కాగితమే సుఖం.

ఇది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో ఒక్క కుటుంబంతో చెబుతాను. వాళ్లను గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

కావలి వైపు నుంచి వచ్చిన అమ్మాయి. మేనమామనే చేసుకుంది. ఎనిమిదేళ్లు, ఆరేళ్ల కొడుకులిద్దరూ చక్కగా పరిగెత్తుతున్నారు. మూడో బిడ్డ కావాలని ఉంది, కానీ భయం. ఆమె తమ్ముడు నాలుగేళ్లప్పుడే తొడల మీద చేతులు ఆనించి లేచేవాడు, పదకొండేళ్లకు నడక ఆగింది, పద్దెనిమిదికి పోయాడు. అమ్మ వాళ్ల అన్న కూడా చిన్నతనంలోనే పోయాడు. "ఆయనది పోలియో" అన్నారు. పిక్కలు ఎలా ఉండేవని అడిగాను. లావుగా ఉండేవని అమ్మమ్మ చెప్పింది. పోలియోలో కాలు సన్నబడుతుంది. చదరాన్ని నింపేశాను.

జబ్బు డామినెంట్ అయితే, అంటే చెడిన జన్యువు ఒక్కరి నుంచి వచ్చినా చాలనుకుంటే, మామూలుగా తల్లికో తండ్రికో జబ్బు కనబడాలి. ఇక్కడ జబ్బుపడిన ఇద్దరి తల్లిదండ్రులూ బాగున్నారు, కాబట్టి దాన్ని పక్కన పెట్టడం తేలిక. అసలు చిక్కు మిగతా రెండింటి మధ్యే: తల్లి ఎక్స్ క్రోమోజోమ్ మీద వచ్చి ఎక్కువగా మగపిల్లలకే తగిలే ఎక్స్-లింక్డ్, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ చెడిన జన్యువు అందితేనే వచ్చే రిసెసివ్. జబ్బుపడినవాళ్లు ఇద్దరూ మగవాళ్లు, మధ్యలో జబ్బులేని ఆడమనిషి. చూడగానే ఎక్స్-లింక్డ్, అందులోనూ డుషెన్ అనే కండరాల జబ్బు అనిపిస్తుంది. కానీ రిసెసివ్‌గా వచ్చే కండరాల జబ్బుల్లో కొన్ని అచ్చం ఇలాగే ఉంటాయి, ఇద్దరే కాబట్టి మగవాళ్లు కావడం యాదృచ్ఛికమూ కావచ్చు. మేనరికాలు ఎక్కువున్న మన వైపు ఈ అనుమానం తప్పనిసరి.

అందుకే అమ్మానాన్నల పెళ్లి గురించి గుచ్చి గుచ్చి అడుగుతాను. "మీరు చుట్టాలా?" అంటే చాలామంది కాదంటారు. "మీ జేజి పుట్టిల్లు ఏ ఊరు, ఇంటిపేరేమిటి?" అంటే అప్పుడు చుట్టరికం బయటపడుతుంది. ఈమె తండ్రిది నిజంగానే బయటి సంబంధం. రిసెసివ్ కావాలంటే, ఆ అరుదైన జన్యువే బయటినుంచి వచ్చిన ఆయనలోనూ ఉండాలి. అది కుదరడం కష్టం. అందుకే ఎక్స్-లింక్డ్ వైపు మొగ్గాను.

ఇక లెక్క. అన్న, కొడుకు ఇద్దరికీ జబ్బుంది కాబట్టి ఆమె తల్లి క్యారియరే, అంటే తనకు జబ్బు కనబడకుండా చెడిన జన్యువును మోస్తున్న మనిషి. ఈమె క్యారియర్ అయ్యే అవకాశం సగం. ఇలాంటి ఆడవాళ్లు ఎనిమిది మంది ఉన్నారనుకోండి. నలుగురు క్యారియర్లు, నలుగురు కాదు. క్యారియర్లలో ఇద్దరు కొడుకులూ బాగుండేది సగటున ఒక్కరికే. మిగతా నలుగురికీ బాగుంటారు. అంటే మన ముందు కూర్చున్నామె ఆ అయిదుగురిలో ఒకరు. సగం కాస్తా అయిదింట ఒకటైంది. మగబిడ్డ పుడితే జబ్బు వచ్చే అవకాశం పదింట ఒకటి. ఆడో మగో తెలియని బిడ్డకు ఇరవైలో ఒకటి. కొడుకులు రెండేళ్ల వాళ్లయితే ఈ తగ్గింపు ఇవ్వకూడదు, లక్షణాలు అప్పటికి బయటపడకపోవచ్చు.

మేనమామను చేసుకున్నందుకు ఈ లెక్క మారదు. భర్తకు జబ్బు లేదంటే అతని ఒక్క ఎక్స్ బాగున్నట్టే. కానీ ఒకవేళ రిసెసివ్ అయితే కథ వేరు. భార్యాభర్తలిద్దరూ జబ్బుపడినవాళ్ల తోబుట్టువులు, కాబట్టి ఒక్కొక్కరు క్యారియర్ అయ్యే అవకాశం మూడింట రెండు. ఇద్దరు పిల్లలు బాగున్నారని తగ్గించినా బిడ్డకు ముప్పు సుమారు పదమూడింట ఒకటి, ఆడపిల్లకైనా అంతే. "ఆడపిల్లయితే ఫర్వాలేదు" అనే మాట తేల్చి చెప్పలేకపోవడం ఈ చార్టులో నాకు నచ్చని సంగతి. అయిదుకు నాలుగు స్టార్లు ఇస్తే, తగ్గిన ఒకటి దీనికే.

అక్కడి నుంచి రక్తపరీక్షే దారి. మొదట ఈమెకు చేయించాలని తొందరపడతారు. కానీ తమ్ముడు లేడు, ఇంట్లో ఉన్న జన్యు మార్పు ఏదో తెలియదు. తెలియకుండా ఈమెకు నెగటివ్ వస్తే దానికి పూర్తి విలువ లేదు. చార్టు ప్రకారం క్యారియర్ తల్లే, కాబట్టి డుషెన్‌లో చెడే డిస్ట్రోఫిన్ జన్యువులో ముక్క పోయిందేమో చూసే ఎంఎల్‌పీఏ ముందు తల్లికి రాశాను. ఆమెలో తొలగిపోయిన భాగం దొరికితే ఎక్స్-లింక్డ్ అని ఖాయం, కూతురిలో అదే ముక్క ఉందో లేదో చూస్తే చాలు. దొరక్కపోతే జన్యువు మొత్తాన్ని అక్షరం అక్షరం చదివే సీక్వెన్సింగ్ చేయించాలి.